60 నుంచి 38కి: మధ్యలో పిల్లలు ఎటు వెళ్లారు?

తెలుగు మాధ్యమం సెక్షన్ ఉంచాలా, ఎత్తేయాలా అన్న మాట వచ్చినప్పుడల్లా ముందుకు వచ్చేవి రెండే అంకెలు. నిరుడు అయిదో తరగతిలో ఎందరు, ఈ ఏడు ఆరులో ఎందరు? తగ్గినవాళ్లందరినీ ‘తెలుగు వద్దనుకున్నవాళ్ల’ కింద రాసేస్తారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో కళ్లకు కట్టించేది సాంకీ చిత్రం. 1898లో సాంకీ అనే ఇంజనీరు ఆవిరి యంత్రంలో వేడి ఎంత పనికొస్తోందో, ఎంత వృథా అవుతోందో ఇలాంటి బొమ్మలో చూపాడు. అందుకే ఆ పేరు. కాలువ పాయలుగా చీలినట్టు ఉంటుంది. పాయ ఎంత వెడల్పో అందులో అంతమంది.

హోసూరు వైపు ఒకే ఆవరణలో తెలుగు, తమిళం, ఇంగ్లిష్ సెక్షన్లు నడిచే బడిని ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణకే. అయిదో తరగతి తెలుగు సెక్షన్‌లో 60 మంది, మరుసటి ఏడు ఆరులో 38 మంది. పోయింది 22 మందే అనిపిస్తుంది. పాయలు గీస్తే కథ మారుతుంది. 60 మందిలో అక్కడే ఉన్నవాళ్లు 30 మందే. మిగతా 8 మంది బయటి ఊళ్ల నుంచి కొత్తగా చేరినవాళ్లు. అంటే వెళ్లింది 30 మంది. వాళ్లలో 11 మంది ఇంగ్లిష్‌కు, 9 మంది తమిళానికి మారారు. ఆరుగురు వేరే బడిలో తెలుగులోనే చదువుతున్నారు. నలుగురి జాడ ఇంకా తెలియదు. కనుక తెలుగు మాధ్యమం వదిలారని కచ్చితంగా చెప్పగలిగేది 20 మంది గురించే. వెళ్లినవాళ్లలో ఆరుగురికి కావలసింది తెలుగే, కాకపోతే మరో చోట. ఈ సెక్షన్ కోసమే 8 మంది వచ్చారన్నది కూడా 60, 38 అనే రెండంకెల్లో కనబడదు.

ఇలాంటి బొమ్మకు పిల్లవాడి వారీ లెక్క కావాలి. యూడైస్ ప్లస్ 2022-23 నుంచి అలా సేకరిస్తోంది. అంతకుముందు బడులు తరగతి మొత్తాలే ఇచ్చేవి. మొత్తాల నుంచి గీసిన పాయలు ఊహలే. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత సంఖ్య ఉంది, బడి మారినా అదే ఉంటుంది. టీసీ రిజిస్టరు మాత్రమే చూస్తే చాలదు. అదే ఆవరణలో తెలుగు సెక్షన్ నుంచి ఇంగ్లిష్ సెక్షన్‌కు మారిన పిల్లకు టీసీయే ఉండదు కదా.

జాడ తెలియని నలుగురి సంగతి విడిగా చూడాలి. బడి వదిలాక కొత్త బడి తన ఖాతాలో చేర్చుకునేదాకా పిల్లల పేరు యూడైస్‌లో ‘డ్రాప్‌బాక్స్’లో ఉంటుంది. అంటే చదువు మానేశారని కాదు. సరిహద్దు దాటి కుప్పం వైపు బడిలో కూర్చుని ఉన్నా, అక్కడివాళ్లు పేరు ఎక్కించకపోతే ఇక్కడ అలాగే కనిపిస్తారు. ఈ పాయను ‘మానేసినవారు’ అని రాసిన బొమ్మ ఎక్కడ కనిపించినా నేను నమ్మను.

ఇక చిక్కుముడి. అయిదు నుంచి పది దాకా ప్రతి ఏటా అయిదు గూళ్లు పెడితే, రెండు తరగతుల మధ్య 25 పాయల దాకా వస్తాయి; అన్నీ కలిపి 125. బొమ్మ నూలు ఉండలా తయారవుతుంది. ఆరులో ఇంగ్లిష్‌కు వెళ్లి ఎనిమిదిలో తెలుగుకు తిరిగొచ్చిన పిల్లలుంటే పాయ వెనక్కి తిరగాలి. ‘తెలుగు’ అని ఒకే గూడు పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలు గీయవు. ‘తెలుగు-6’, ‘తెలుగు-8’ అని తరగతి కలిపి పేర్లు పెడితే పాయ ముందుకే నడుస్తుంది. తెలుగును ప్రతి వరుసలో పైనే, జాడ తెలియనివారిని అడుగునే ఉంచితే పాయలు ఒకదాన్నొకటి దాటడం చాలా తగ్గుతుంది.

దీనికంటే మోసం చేసే చిక్కు బొమ్మ శుభ్రంగా ఉన్నా దాగి ఉంటుంది. ఆరులో 38 మంది ఒక గూటిలో కలిశారు. ఎనిమిదికి 10 మంది వెళ్లిపోయారనుకోండి. వాళ్లు కొత్తగా వచ్చిన ఎనిమిది మందిలోనివాళ్లా, మొదటి నుంచీ ఉన్నవాళ్లా? గూటిలో నీళ్లు కలిసిపోయాయి కాబట్టి బొమ్మ చెప్పలేదు. చూసేవాళ్లు మాత్రం తమకు నచ్చినట్టు పాయను పొడిగించి చదువుతారు. కొత్తవాళ్లు వెళ్లారంటే అది కుటుంబాల వలస కావచ్చు. పాతవాళ్లు వెళ్లారంటే బడిలోనే ఏదో జరిగింది. రెంటికీ చేయవలసిన పని వేరు. కొత్తవాళ్ల పాయకు చివరిదాకా వేరే రంగు ఇవ్వాలి. అది కుదరకపోతే రెండు తరగతుల బొమ్మతోనే ఆగడం మేలు.

తల్లిదండ్రుల సమావేశంలో హెచ్ఎంను అడగవలసింది బొమ్మ కాదు, దాని వెనకున్న పట్టిక: నిరుడు అయిదులో ఉన్న ప్రతి పిల్లవాడూ ఈ ఏడు ఏ బడిలో, ఏ మాధ్యమంలో ఉన్నాడు, పేర్లు లేకుండా. అన్ని గడులూ కలిపితే 60 రావాలి. రాకపోతే ఎవరో రెండుసార్లు లెక్కలోకి వచ్చారు, లేదా ఎవరో జారిపోయారు. గోడకు అంటించేటప్పుడు ఒకరిద్దరు మాత్రమే ఉన్న పాయలను ‘ఇతరులు’గా కలిపేయండి. చిన్న ఊళ్లో ఒక్కరున్న పాయ ఎవరి పిల్లదో అందరికీ తెలిసిపోతుంది.