ముందు ఎవరిని తీసుకోవాలి? ఎంతమందిని?

మన వడ్డాది, చోడవరం చుట్టుపక్కల చెరకు గానుగలు తిరగడం మొదలైతే బెల్లంతో వ్యాపారం చేసే ప్రతి చిన్న యూనిట్లోనూ ఒకటే మాట: "మనుషులు చాలట్లేదు, ఇంకో నలుగుర్ని పెట్టేద్దాం." నలుగురే ఎందుకు, ముగ్గురో ఆరుగురో ఎందుకు కాదు అని అడిగితే మాత్రం జవాబుండదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కూడా ఇదే కథ, కాకపోతే అక్కడ దీన్ని ఎక్సెల్ షీట్‌లో పెట్టి గౌరవంగా చూపిస్తారు. ఈ వారం ఆ లెక్క కాయితం మీద ఎలా వేసుకోవాలో చూద్దాం.

వడ్డాదిలో ఒక యూనిట్ ఉందనుకోండి. దిమ్మ బెల్లం కొని, పొడి చేసి, ప్యాకెట్లు కట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. యజమానురాలు కాక ముగ్గురు పనివాళ్లు: మిషన్ మీద ఒకరు, ప్యాకింగ్‌లో ఇద్దరు. ఫోన్లు, వాట్సాప్ ఆర్డర్లు, బిల్లులు, బెల్లం కొనడం అన్నీ ఆవిడే. ఇప్పుడు రోజుకి 60 ఆర్డర్లు. సంక్రాంతి ముందు ఆరు వారాలు 100కి వెళ్తాయని, పండగయ్యాక 75 దగ్గర నిలబడతాయని ఆవిడ అంచనా. ముగ్గురు ప్యాకింగ్ వాళ్లని పర్మినెంట్‌గా తీసుకోవాలని ఆలోచన. ఈ అంకెలన్నీ మనం అనుకున్నవే. మీ యూనిట్‌కి మీ అంకెలు వేసుకోండి.

మొదట, ఒక మనిషి నెలకి నిజంగా ఎన్ని గంటలు ఇస్తాడు? ఎనిమిది గంటల డ్యూటీలో భోజనం, టీ, కడుగుడు పోతే ఏడు. సెలవులు పోతే 24 రోజులు. అంటే 168 గంటలు. అందులో 85 శాతమే లెక్కలోకి తీసుకోవాలి, అంటే సుమారు 143. మిగిలిన 15 శాతం సోమరితనం కాదు. ఆర్డర్లు రోజూ ఒకేలా రావు. మనిషి పూర్తిగా నిండిపోయి ఉంటే, ఒక్క రోజు ఎక్కువ వచ్చినా ఆ పని వారమంతా వెనకబడుతూనే ఉంటుంది. టోల్‌గేట్ దగ్గర క్యూ చూశారుగా, కొంచెం ఖాళీ ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, నిండాక పది బళ్లొస్తే అర కిలోమీటరు.

రెండోది, ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు? గడియారం పెట్టి నాలుగు రోజులు చూస్తే చాలు. ప్యాకింగ్‌కి ఆర్డర్‌కి 12 నిమిషాలు, ఫోను-బిల్లుకి 6 నిమిషాలు అనుకుందాం. మిషన్ గంటకి 40 కిలోలు కొడుతుంది, ఆర్డర్ సగటున రెండు కిలోలు.

ఇప్పుడు ముందు మిషన్ దగ్గరికెళ్దాం. అక్కడి మనిషి ఎప్పుడూ దుమ్ముతో, చెమటతో కనిపిస్తాడు కాబట్టి అందరికీ అతనే ఎక్కువ కష్టపడుతున్నట్టుంటుంది. కానీ 60 ఆర్డర్లంటే 120 కిలోలు, మూడు గంటల పని. 100 ఆర్డర్లకి కూడా ఐదు గంటలే. అక్కడ మనిషి అక్కర్లేదు సరికదా, అతని మిగులు గంటలు ప్యాకింగ్‌కి పనికొస్తాయి.

ప్యాకింగ్‌కి నెలకి 26 రోజుల లెక్కన ఇప్పుడు 312 గంటలు కావాలి. ఇద్దరి గంటలు 286, మిషన్ మనిషి సాయం దాదాపు 80. సరిపోతుంది. ఆవిడ ప్యాకింగ్ వాళ్లు చాలట్లేదు అనుకుంటున్నది మాత్రం ఎక్కడినుంచి వచ్చింది? లెక్క అక్కడే అసలు విషయం చెప్తుంది. ఫోన్లు, బిల్లులకే నెలకి 156 గంటలు పోతున్నాయి, ఆవిడకున్నది 143. అంటే ఆవిడ ఇప్పటికే నిండిపోయింది. అడ్రస్ రాసిన చీటీ రాక ప్యాకింగ్ వాళ్లు కూర్చుంటున్నారు, చీటీలన్నీ సాయంత్రం ఒకేసారి వస్తే హడావుడి పడుతున్నారు. పైగా సీజన్లో అనకాపల్లి మార్కెట్‌కి వెళ్లి దిమ్మలు చూసి బేరమాడే పని ఆగిపోయింది. ఏడాది లాభం నిలబడేది ఆ బేరం మీదే. కాబట్టి మొదటి మనిషి ప్యాకింగ్‌కి కాదు, ఫోను దగ్గరికి.

అయితే మనిషిని పెట్టే ముందు పనినే కొంత తగ్గించగలమా అని చూడాలి. వచ్చే ఫోన్లలో చాలావరకు "నా పార్సిల్ ఎక్కడుందండీ?" అన్నవే. డిస్పాచ్ అయిన వెంటనే ట్రాకింగ్ నంబరు మెసేజ్ పంపిస్తే 6 నిమిషాలు 4కి దిగుతుందనుకుందాం. అప్పుడు 100 ఆర్డర్ల నెలలో 260 గంటల పని 173 అవుతుంది. కొత్త మనిషి 143 చూసుకుంటే, యజమానురాలికి 30 గంటలే మిగులుతాయి. మెసేజ్ లేకపోతే ఆ ఆరు వారాలకి ఫోను దగ్గరే రెండో మనిషి కావాల్సొచ్చేది.

ఇక సంక్రాంతి ప్యాకింగ్. నెలకి 520 గంటలు కావాలి. ఇద్దరి 286, మిషన్ మనిషి 41 కలిపితే 327. లోటు 193 గంటలు, అంటే ఒకరికి కొంచెం పైన. కొత్తవాళ్లు నెమ్మది కాబట్టి ఇద్దర్ని తీసుకోవాలి, కానీ సీజన్ వరకే. పండగయ్యాక 75 ఆర్డర్ల దగ్గర లోటు నెలకి 38 గంటలే. దానికోసం పర్మినెంట్ మనిషి దండగ.

ముగ్గురు ప్యాకర్లు అనుకున్నది చివరికి ఏమైంది? ఒకరు పర్మినెంట్, అదీ ఆర్డర్ డెస్క్‌కి. ఇద్దరు ఆరు వారాలకి. వరస కూడా ఇదే.

ఎప్పుడు తీసుకోవాలన్నది ఇంకో చిక్కు. మనిషి దొరకడానికి ఒక నెల, పని పట్టుబడడానికి నెలన్నర వేసుకోండి. నేర్పించే రోజుల్లో పాత మనిషి సమయం రోజుకి గంటైనా పోతుంది. ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో పుస్తకం రాసి ఇదే చెప్పాడు: ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవాళ్లని కలిపితే ఇంకా ఆలస్యమవుతుంది. బెల్లానికీ ఇదే వర్తిస్తుంది. డిసెంబరులో రద్దీ మొదలైతే ఆర్డర్ డెస్క్ మనిషిని వెతకడం సెప్టెంబరులోనే మొదలుపెట్టాలి. సీజన్ వాళ్లని పది రోజుల ముందు పిలిచినా చాలు, సీల్ వెయ్యడం త్వరగానే వస్తుంది.

డబ్బు సంగతి. జీతం 14,000, ఆర్డర్‌కి మిగిలేది 40 రూపాయలు అనుకుంటే, ఆ జీతానికి నెలకి 350 ఆర్డర్లు అదనంగా రావాలి, రోజుకి 14. పెరుగుదల 60 నుంచి 75 కాబట్టి నిలబడుతుంది, కానీ వెంటనే కాదు. మూడు నెలల జీతం 42,000 పక్కన పెట్టాకే పిలవండి.

ఇంకా పెరిగితే రెండు గీతలు గుర్తుంచుకోవాలి. పదో మనిషి దగ్గర ఇఎస్‌ఐ, ఇరవయ్యో మనిషి దగ్గర పీఎఫ్. ఇఎస్‌ఐలో యజమాని వాటా జీతంలో 3.25 శాతం, పీఎఫ్‌లో 12 శాతం. పదో మనిషి వచ్చాక ఆ ఒక్కరికే కాదు, అర్హులైన అందరికీ కట్టాలి. తర్వాత మనుషులు తగ్గినా ఆగదు. సీజన్ కూలీలు కూడా లెక్కలోకి వస్తారు. కాబట్టి ఆ ఖర్చు ముందే ధరలో వేసుకోవాలి, మనుషుల్ని దాచే ఆలోచన వద్దు. రేపు ఎవరికైనా చెయ్యి తెగితే ఆదుకునేది ఆ ఇఎస్‌ఐ కార్డే.

చివరిగా, అంచనా తప్పితే ఎలా తెలుస్తుంది? రోజూ సాయంత్రం షట్టర్ వేసేముందు, ప్యాక్ కాకుండా మిగిలిన ఆర్డర్లు ఎన్నో గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. ఒక రోజు పెరిగితే పట్టించుకోవద్దు. మూడు వారాలు వరసగా ఒక రోజు పనికి మించి మిగులుతుంటే తర్వాతి మనిషికి వేళైనట్టే. మిగులు సున్నా ఉండి, మధ్యాహ్నం మూడింటికే అందరూ సెల్‌ఫోన్లు చూస్తుంటే మాత్రం, కొత్తవాళ్లని పిలిచే ముందు ఆర్డర్లెక్కడ తగ్గాయో చూసుకోండి.