ఊరి పేరు మారినా కోడ్ మారదు!
కడప టికెట్‌పై CDP ఎందుకు? విమానాశ్రయాల మూడక్షరాల వెనుక కథ

కడప: కడప విమానాశ్రయం నుంచి ప్రయాణించే వారి టికెట్లపైనా, సామాను చీటీలపైనా కనిపించే మూడక్షరాలు CDP. ఊరి పేరు ‘క’తో మొదలవుతుండగా కోడ్ మాత్రం ఆంగ్లాక్షరం Cతో ఆరంభం కావడం కొత్త ప్రయాణికులను తికమక పెడుతోంది. ఇంటర్నెట్‌లో టికెట్ తీసుకునే వారు KAD అని కొడితే తెరపై ఎక్కడో ఆఫ్రికాలోని నైజీరియా దేశపు కడూనా నగరం ప్రత్యక్షమవుతుంది. పోనీ KDP అని ప్రయత్నిస్తే పాపువా న్యూగినీలోని కాండెప్ అనే చిన్న విమానాశ్రయం వస్తుంది. సొంత ఊరి అక్షరాలు పరాయి ఊళ్ల పరం కావడానికి, ఊరి పేరు మారినా పాత కోడ్ అలాగే నిలిచిపోవడానికి కారణాలు లేకపోలేదు.

పాత స్పెల్లింగే పునాది

బ్రిటిష్ కాలం నుంచి కడపను ఆంగ్లంలో Cuddapah అని రాసేవారు. అందులోని హల్లులను వరుసగా ఏరితే C, D, P వస్తాయి. 2005లో రాష్ట్ర ప్రభుత్వం ఈ స్పెల్లింగ్‌ను ఉచ్చారణకు తగినట్లు Kadapa అని మార్చింది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. 2015 జూన్‌లో ఆధునికీకరించిన విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. ఇన్ని మార్పులు జరిగినా కోడ్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఇది కడపకే పరిమితమైన విషయం కాదు. బొంబాయి 1995లో ముంబయి అయినా కోడ్ BOMగానే ఉంది. కలకత్తా నాటి CCU, త్రివేండ్రం నాటి TRV, పూనా నాటి PNQ, బరోడా నాటి BDQ నేటికీ కొనసాగుతున్నాయి. రష్యాలోని లెనిన్‌గ్రాడ్ 1991లో తిరిగి సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది. అయినా అక్కడి విమానాశ్రయం LEDగానే చలామణి అవుతోంది. వియత్నాంలోని హోచిమిన్ నగరానికి వెళ్లే వారి టికెట్‌పై సైగాన్ గుర్తుగా SGN అనే ఉంటుంది. పటాల్లో చెరిగిపోయిన పేర్లు ఈ మూడక్షరాల్లో బతికి ఉన్నాయన్నమాట.

కోడ్ ఇచ్చేది ఎవరు?

ఈ కోడ్‌లను కేటాయించేది ఆయా దేశాల ప్రభుత్వాలు కాదు. విమానయాన సంస్థలన్నీ కలిసి 1945లో ఏర్పాటు చేసుకున్న అంతర్జాతీయ విమాన రవాణా సంఘం (ఐయాటా) ఈ పని చేస్తుంది. దీని ప్రధాన కార్యాలయం కెనడాలోని మాంట్రియల్‌లో ఉంది. ఒక ఊరికి సర్వీసులు నడపదలచిన విమానయాన సంస్థ సాధారణంగా కోడ్ కోసం దరఖాస్తు చేస్తుంది. కోరిన అక్షరాలు ప్రపంచంలో మరెక్కడా వాడుకలో లేవని తేలితేనే వాటిని ఇస్తారు. అప్పటికే వేరొకరి చేతిలో ఉంటే పేరులోని ఇతర అక్షరాలతో సర్దుకోవలసిందే.

ఇరవై ఆరు ఆంగ్లాక్షరాలను మూడేసి చొప్పున కూర్చితే వచ్చే కోడ్‌లు మొత్తం 17,576 మాత్రమే. అంకెలకు ఇందులో చోటు లేదు. సంఖ్య పెద్దదిగానే కనిపించినా పలకడానికి వీలైన, ఊరి పేరుకు దగ్గరగా ఉండే కూర్పులకే అందరూ పోటీ పడతారు. వాటిలో అధిక భాగం ఏనాడో చెల్లిపోయాయి. ఆలస్యంగా వచ్చిన వారికి మిగిలిన వాటితోనే సరి.

రాష్ట్రంలోని ఇతర విమానాశ్రయాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. తిరుపతికి TIR, పుట్టపర్తికి PUT దక్కాయి. ఇవి చూడగానే ఊరు గుర్తుకు వచ్చేవే. విజయవాడకు మాత్రం VIJ దొరకలేదు. అది కరీబియన్ సముద్రంలోని వర్జిన్ గోర్డా ద్వీపానిది. అందువల్ల విజయవాడ విమానాశ్రయం VGAగా నమోదైంది. 2021లో ప్రారంభమైన కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయానికి వచ్చింది KJB. ఇందులో K తప్ప ఊరి పేరుతో పొత్తు కుదిరే అక్షరం ఒక్కటీ లేదు.

దేశంలో మరో వరుస కూడా ఉంది. మదురైకి IXM, చండీగఢ్‌కు IXC, జమ్మూకు IXJ, రాంచీకి IXR అని పెట్టారు. మొదటి రెండక్షరాలు అన్నింటికీ ఒకటే కాగా, ఊరిని సూచించే భారమంతా మూడో అక్షరంపై పడింది. Mను మదురై తీసుకోవడంతో మంగళూరుకు అదే వరుసలో IXE మిగిలింది. ఇక్కడ E అక్షరాన్ని చూసి మంగళూరును పోల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

అమెరికా కోడ్‌ల తీరు వేరు

అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు బాగా పరిచయమైన కోడ్‌లు EWR, ORD. మొదటిది న్యూయార్క్ సమీపంలోని నెవార్క్ విమానాశ్రయం. ఆంగ్లంలో ఈ పేరు Nతో మొదలవుతుంది. అయితే అమెరికాలో Nతో మొదలయ్యే కోడ్‌లను నౌకాదళానికి ప్రత్యేకించారు. దాంతో మొదటి అక్షరాన్ని వదిలేసి మిగిలిన వాటి నుంచి E, W, R తీసుకున్నారు. రెండోది షికాగోలోని ఓహేర్ విమానాశ్రయం. ఒకప్పుడు దాని పేరు ఆర్చర్డ్ ఫీల్డ్. 1949లో పేరు మార్చినా ఆర్చర్డ్ నుంచి వచ్చిన ORD అలాగే ఉండిపోయింది.

లాస్ ఏంజెలిస్ కోడ్ LAXలోని చివరి Xకు అర్థమేమీ లేదు. తొలి రోజుల్లో అమెరికా విమానయాన సంస్థలు వాతావరణ కేంద్రాల రెండక్షరాల గుర్తులనే వాడుకునేవి. విమానాశ్రయాలు పెరగడంతో మూడక్షరాల పద్ధతికి మారవలసి వచ్చింది. అప్పటికే అలవాటైన రెండక్షరాలను వదులుకోలేక కొన్నిచోట్ల చివరన X తగిలించారు.

హైదరాబాద్‌లో కోడ్ తరలిన రాత్రి

కోడ్ అంటే ఊరిదా, రన్‌వేదా అన్న ప్రశ్నకు 2008లో హైదరాబాద్ సమాధానమిచ్చింది. ఆ ఏడాది మార్చి 23న ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలాయి. వాటితోపాటు HYD కోడ్ కూడా శంషాబాద్ చేరింది. దశాబ్దాలుగా ఆ కోడ్‌తో నడిచిన బేగంపేటకు BPM అనే కొత్త కోడ్ వచ్చింది. HYD అన్న టికెట్‌తో వచ్చే వారు హైదరాబాద్‌లోనే దిగాలన్నది దీని ఆంతర్యం. అదే ఏడాది మే నెలలో బెంగళూరులోనూ BLR కోడ్ పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచి దేవనహళ్లికి మారింది.

పైలట్లు, గగనతల నియంత్రణ సిబ్బంది వాడేది మాత్రం ఈ కోడ్ కాదు. వారికి ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) నిర్దేశించిన నాలుగక్షరాల గుర్తు వేరుగా ఉంటుంది. కడపకు అది VOCP. మొదటి V దక్షిణాసియా ప్రాంతాన్ని, O దక్షిణ భారతాన్ని సూచిస్తాయి. బేగంపేట గుర్తు VOHY. 2008లో ఇది కదలలేదు. శంషాబాద్‌కు VOHS అని విడిగా ఇచ్చారు. మూడక్షరాలు ప్రయాణికుడి వెంట నడుస్తాయనీ, నాలుగక్షరాలు నేలను అంటిపెట్టుకుని ఉంటాయనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

పాత, కొత్త విమానాశ్రయాలు రెండూ పనిచేస్తే పద్ధతి మారుతుంది. గోవాలో 2023 జనవరిలో మోపా నుంచి సర్వీసులు మొదలైనా దబోలిం మూతపడలేదు. అందుకే దబోలింకు GOI అలాగే ఉంచి, మోపాకు GOX ఇచ్చారు. విశాఖ అవసరాల కోసం విజయనగరం జిల్లా భోగాపురంలో చేపట్టిన కొత్త విమానాశ్రయం ముందున్నవీ ఈ రెండు దారులే. పౌర విమానాలన్నీ తరలితే హైదరాబాద్ మాదిరిగా విశాఖ కోడ్ VTZ వెంట రావడానికి, రెండుచోట్లా సర్వీసులు నడిస్తే గోవా మాదిరిగా కొత్త కోడ్ పుట్టడానికి ఆస్కారం ఉంటుంది.

పార్లమెంటు కమిటీ అడిగినా..

నచ్చని కోడ్‌ను మార్పించుకోవడం ఎంత కష్టమో బీహార్‌లోని గయ ఉదంతం తెలియజేస్తుంది. గయ కోడ్ GAY. ఆంగ్లంలో ఇది స్వలింగ సంపర్కులను సూచించే మాట కావడంతో పుణ్యక్షేత్రానికి తగదని పార్లమెంటు ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ అభిప్రాయపడింది. బదులుగా YAG వంటి కోడ్ తీసుకోవాలని సూచించింది. ఆ అక్షరాలు అప్పటికే కెనడాలోని ఫోర్ట్ ఫ్రాన్సిస్ విమానాశ్రయానివి. విమాన భద్రతకు సంబంధించిన బలమైన కారణం ఉంటే తప్ప కోడ్ శాశ్వతమని ఐయాటా తన 763వ తీర్మానాన్ని ఉటంకించింది. పౌర విమానయాన శాఖ ఇదే విషయాన్ని కమిటీకి నివేదించింది. GAY నేటికీ కొనసాగుతోంది.

ఈ పట్టుదలకు కారణముంది. ఒక కోడ్ మారితే ప్రపంచంలోని విమానయాన సంస్థల రిజర్వేషన్ వ్యవస్థలు, ఛార్జీల పట్టికలు, సామాను యంత్రాలు అన్నీ ఒకేసారి మారాలి. నెలల ముందే అమ్మిన టికెట్లపై పాత కోడ్ ఉంటుంది. ఎక్కడ ఒక్క చోట పొరపాటు జరిగినా సామాను దారి తప్పుతుంది. న్యూయార్క్‌లోని ఐడిల్‌వైల్డ్ విమానాశ్రయానికి కెనెడీ హత్యానంతరం 1963లో ఆయన పేరు పెట్టి, IDL కోడ్‌ను JFKగా మార్చారు. కంప్యూటర్ రిజర్వేషన్లు ప్రపంచమంతా అల్లుకోని రోజుల్లో అది సాధ్యమైంది.

చీటీ చూసుకున్నాకే కదలాలి

ఒకే పేరు గల ఊళ్లు ఉన్నచోట కోడ్ ఒక్కటే ఆధారం. పాకిస్థాన్‌లోని సింధ్ రాష్ట్రంలోనూ హైదరాబాద్ ఉంది. దాని కోడ్ HDD. 2002లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి వెళ్లాలనుకున్న ఇద్దరు బ్రిటిష్ ప్రయాణికులు కెనడాలోని సిడ్నీలో దిగారు. ఆస్ట్రేలియా సిడ్నీ కోడ్ SYD కాగా, కెనడా సిడ్నీది YQY. ఊరి పేరు ఒకటే అయినా మూడక్షరాలు ముందే తేడా చెబుతున్నాయి.

టికెట్ తీసుకునేటప్పుడు ఊరి పేరుతోపాటు కోడ్‌ను, దేశాన్ని సరిచూసుకోవాలి. కౌంటర్ వద్ద పెట్టెకు కట్టే చీటీపై చివరి గమ్యం కోడ్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మధ్యలో విమానం మారే వారు అది తమ చివరి ఊరిదో, విమానం మారే ఊరిదో గమనించాలి. విమానం మారే ఊరి కోడే ఉంటే పెట్టె అక్కడికే పరిమితం. దాన్ని తీసుకుని మళ్లీ అప్పగించే బాధ్యత ప్రయాణికుడిదే. ఇంటిముఖం పట్టిన కడప వాసి పెట్టెపై ఉండవలసినవి K అక్షరంతో మొదలయ్యేవి కావు. పాత స్పెల్లింగ్ మిగిల్చిపోయిన ఆ మూడే: CDP.