మూడుముక్కలాటకు ఎన్నేళ్లు?

సినిమాహాలు గోడమీద పోస్టరులో 'ఎ' అనే అక్షరం కనబడితే దానర్థం మనకు బడిలో చేరకముందే తెలుసు. దాన్ని ఇచ్చేందుకు ఒక బోర్డు ఉంది. గేటుదగ్గర ఆపేందుకు, ఆపినా ఆపకపోయినా, ఒక మనిషీ ఉన్నాడు. మరి ఫోనులో ఆడే ఆటకు ఆ ముద్ర ఎవరు వేస్తారు? ఈ ప్రశ్న నా నెత్తిన పడేదాకా నేనూ ఆలోచించలేదు. పడ్డాక తెలిసిందేమంటే, మొదటి ముద్ర వేయవలసింది ఆట తయారుచేసినవాడే. అందుకే ఈ నాలుగు మాటలు.

మన కళాశాలనుంచి బయటపడ్డ ముగ్గురం కలిసి గుడిమల్కాపూర్‌లో ఒక అద్దెగదిలో చిన్న ఆట తయారుచేశాం. కథ మా కిటికీలోంచి కనిపించేదే, పూల మార్కెట్టు. తెల్లవారకముందే బంతి, చామంతి బస్తాలు దిగుతాయి. వేలంలో సరుకు పట్టుకోవాలి, పొద్దెక్కకముందే అమ్ముకోవాలి. ఎండ పెరిగేకొద్దీ పూలూ వాడతాయి, ధరా వాడుతుంది. ఆటగాడు పద్నాలుగేళ్ల కుర్రవాడు. మధ్యలో ఒక ఘట్టం పెట్టాం. దుకాణం వెనుక గోనెపట్టామీద తీన్‌పత్తీ నడుస్తుంటుంది. కుర్రవాడు ఆరోజు సంపాదించిన నాణేలు పందెం కాయవచ్చు. గెలిస్తే రెట్టింపు, ఓడితే మర్నాటి సరుకుకు పైసలుండవు. అది రాసింది నేనే. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఆటను స్టోరులో పెట్టబోయేసరికి ఒక ప్రశ్నావళి ఎదురైంది. దీని వెనుక ఉన్నది ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి. 2013లో ఏర్పడింది, 2015నుంచి గూగుల్ ప్లే దీన్నే వాడుతోంది. తయారీదారు ఒక్కసారి జవాబులిస్తే చాలు, ఆ జవాబులనే ఒక్కొక్క దేశపు బోర్డు తన సూత్రాలతో తూచి తన అంకె ఇస్తుంది. అమెరికాకు ఈఎస్ఆర్‌బీ, ఐరోపాలో ఎక్కువ దేశాలకు పెగి, జర్మనీకి యూఎస్‌కే, ఆస్ట్రేలియాకు అక్కడి ప్రభుత్వ వర్గీకరణ. రుసుము లేదు, నిమిషాలలో సర్టిఫికెట్టు వస్తుంది. అంత సులువుగా రావడంవల్లనే చాలామంది దాన్ని రేషను కార్డు ఫారం నింపినట్టు నింపేస్తారు.

అందులో జూదం గురించి ప్రశ్నలు వచ్చాయి. నిజం డబ్బుతో జూదముందా? జూదాన్ని పోలిన ఆట ఉందా? మొదటిదానికి లేదన్నాం, రెండోదానికి ఉందన్నాం. సర్టిఫికెట్టు వచ్చింది. అమెరికాకు 'టీన్', అంటే పదమూడు దాటినవాళ్లకు. ఐరోపాకు 18. ఆస్ట్రేలియాకు ఆర్ 18+, అంటే పద్దెనిమిది నిండనివారికి చట్టప్రకారం ఇవ్వకూడనిది. ఒకే ఆట, ఒకే గోనెపట్టా, అవే మూడు ముక్కలు. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆడవచ్చునట, ఆస్ట్రేలియాలో డిగ్రీకి వచ్చేదాకా ఆగాలట!

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒక్కొక్కరు ఒక్కొక్కదానికి భయపడతారు. అమెరికా బోర్డు నిజం డబ్బుతో ఆడే జూదానికైతే పెద్దల ముద్రే వేస్తుంది గాని, ఉత్తుత్తి నాణేల జూదాన్ని అంత తీవ్రంగా చూడదు. పెగి 2020నుంచి కొత్త ఆటల విషయంలో మరో ప్రశ్న వేస్తోంది: ఇది జూదం నేర్పుతోందా, దానికి తళుకు అద్దుతోందా? అవునంటే డబ్బుతో నిమిత్తం లేకుండా 18. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరు 22నుంచి కొత్తగా వర్గీకరణకు వచ్చే ఆటల్లో జూదాన్ని అనుకరిస్తే ఆర్ 18+ అని నియమం పెట్టింది.

మాలో చిన్నవాడు లెక్క వేసి అన్నాడు: "అన్నా, జూదం లేదు అని కొట్టేద్దాం. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవడు దింపుకుంటడు? ఉత్తుత్తి నాణేలే గద."

ఈ మాట అనేవాళ్లు మా గదిలోనే కాదు, ప్రతిచోటా ఉంటారు. వాళ్లకు 'బలాత్రో' అనే పేకముక్కల ఆట సంగతి చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. అందులో పందెమే లేదు. పోకరులోని జతల పేర్లు తీసుకుని మార్కులు కూడబెట్టుకోవడమే. మొదట దానికి 3+ ఉండేది. విడుదలైన కొద్దిరోజులకే అది 18కి మారింది, కొన్ని దేశాల స్టోర్లలోంచి ఆట కొంతకాలం మాయమైంది. పోకరు జతలు నేర్పుతోంది గనుక 18 అని పెగి వాదన. అప్పీలు నడిచి, 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గింది. జతలను వివరిస్తున్నా ఇది ఊహాలోకపు ఆట, అసలు జూదంలాగా లేదని అప్పీలు మండలి ఒప్పుకుంది. గమనించండి. అంకె ఇచ్చినంతమాత్రాన వ్యవహారం ముగియదు. బోర్డులు మళ్లీ చూస్తాయి, మారుస్తాయి. దాచింది బయటపడితే పోయేది వయసు అంకె ఒక్కటే కాదు, విడుదలైన మొదటి వారం అమ్మకాలు కూడా.

అయితే నేను 'లేదు' అని కొట్టకపోవడానికి కారణం ఆ భయం కాదు. మా మూడోవాడు ఆ మాట విని చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మా అన్న గూడ ఫోన్‌ల ఉత్తుత్తి నాణేలతోనే మొదలువెట్టిండు." అంతకుమించి చెప్పలేదు. ఆ అన్న రమ్మీలో ఎంత పోగొట్టుకున్నాడో మా ముగ్గురికీ తెలుసు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది, దేశమంతటికీ 2025 ఆగస్టులో చట్టం వచ్చింది. కాని ఇవన్నీ డబ్బు చేతులు మారితేనే పలికే చట్టాలు. అలవాటు మాత్రం డబ్బుకంటే ముందే పడుతుంది. పెగివాళ్ల ప్రశ్న నాకప్పుడు అర్థమైంది. నేను రాసిన ఘట్టంలో మూడుసార్లకు ఒకసారైనా ఆటగాడు గెలిచేటట్టు పెట్టాను, గెలిస్తే నాణేలు గలగలమనేటట్టు కూడా పెట్టాను. తళుకు అద్దింది నేనే గదా!

మరి 18 అని ఒప్పుకుని అన్ని దేశాల్లోనూ అదే పెట్టుకుంటే పోలేదా? చాలామంది పెద్దలు ఇచ్చే సలహా ఇదే. నాకిది నచ్చదు. ఆ ఘట్టం ఎవరు చూడాలని రాశానో, ఆ పద్నాలుగేళ్లవాడికే అందకుండా పోతుంది. పైగా అన్నింటికీ 18 తగిలిస్తే తల్లిదండ్రులు ఆ అంకెను నమ్మడం మానేస్తారు. దేశానికొక ఆట చొప్పున వేరువేరుగా తయారుచేయడం ఇంకో దారి. పెద్ద కంపెనీలు చేస్తాయి. ముగ్గురు మనుషులు నాలుగు ప్రతులను ఏళ్లతరబడి సరిదిద్దుకుంటూ పోవడం అయ్యే పని కాదు.

మేము ఘట్టాన్నే తిరగరాశాం. ఇప్పుడు కుర్రవాడు పేక ముట్టడు, పందెం కాయడు. అన్నను పిలుచుకురమ్మని అమ్మ పంపిస్తే దుకాణం వెనక్కి వెళ్లి నిలబడతాడు. ముక్కలు కనబడవు, ముఖాలే కనబడతాయి. మర్నాడు వేలంలో అన్న సంచీ ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు 'ఆటగాడు జూదం ఆడతాడా' అన్న ప్రశ్నకు కాదన్న జవాబు నిజం. 'కథలో జూదం ప్రస్తావన ఉందా' అంటే ఉంది. ప్రశ్నావళి మళ్లీ నింపాం, ఐరోపా 18 దిగిపోయింది. చిత్రమేమంటే ఘట్టం మునుపటికంటే గట్టిపడింది. అంకెకోసం జవాబు మార్చడం వేరు, జవాబు చూసి ఆటను మార్చుకోవడం వేరు. మొదటిది దొంగలెక్క. రెండోది రచయిత చేయవలసిన పనే.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆటలో కొత్త ఘట్టం చేర్చి ప్రశ్నావళి ముట్టకుండా వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. పండుగకని ఒక అదృష్టచక్రం పెట్టెను చేర్చారనుకోండి. డబ్బిచ్చి తెరిస్తే లోపల ఏముందో తెలియని పెట్టె. ఆస్ట్రేలియాలో ఆ ఒక్కదానికే కనీసం 'ఎం' ముద్ర, అంటే పదిహేనేళ్లు దాటినవారికని సూచన. ఆటలో ఏది మారినా జవాబులు ఒకసారి తిరగేయాలి.

ఇక మన సంగతి. భారతదేశానికి ఆటల వయసు నిర్ణయించే సినిమా బోర్డులాంటిది ఏదీ లేదు. మన ఫోనులో కనిపించేది ఐఏఆర్‌సీవారి సాధారణ అంకె, 3, 7, 12, 16, 18లలో ఏదో ఒకటి. అది ఎవరి భయాలనూ ప్రత్యేకంగా పట్టించుకోదు, మనవి అసలే పట్టించుకోదు. దీనికి మన ఊళ్లోనే నిదర్శనముంది. 2009లో హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆటను సోనీవారి ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది. మనదేశంలో అలాంటి యంత్రంకోసం తయారైన తొలి ఆటగా చెప్పుకున్నారు. అమెరికాలోని ఒక హిందూ సంఘ నాయకుడు రాజన్ జెడ్ దాన్ని ఉపసంహరించాలన్నారు. దేవుణ్ణి మీటలతో ఆడించడం కించపరచడమేనని ఆయన అభ్యంతరం. ఆ వాదన ఒప్పో తప్పో అలా ఉంచండి. రక్తం ఎంత, బూతు ఎంత, భయం ఎంత అని అడిగే ప్రశ్నావళిలో ఆ అభ్యంతరానికి చోటే లేదు. ఏడేళ్లవాడికి తగినది కూడా ఒక ఇంటిని నొప్పించవచ్చు.

మాకూ అనుభవమైంది. పూలదండలు కొనే ఒక పెద్దమ్మకు మా ఆట చూపించాం. కుర్రవాడు హడావిడిలో రాలిన దండలమీదుగా పరుగెత్తే బొమ్మ చూసి ఆమె ముఖం ముడిచింది. "దేవునికి పోయే పూలు తొక్కుతుండేంది బిడ్డా?" అంది. నాలుగు ఖండాల బోర్డులు అడగని ప్రశ్న అది! ఆరోజే దండలు తీసేసి ఖాళీ గోనెసంచులు పరిచాం.

అందుకని నా అభిప్రాయం ఇది. అంకెను బోర్డులకు వదలండి, జవాబులు మాత్రం నిజం చెప్పండి. అంకె చెప్పలేనిదాన్ని మన మాటల్లో, మన లిపిలో మనమే రాయాలి. 'పెద్దలకు మాత్రమే' అని బెదిరించే రాత కాదు, లోపల ఏముందో చెప్పే రాత. మా ఆట మొదటి తెరమీద ఇప్పుడు ఇలా ఉంది: "ఈ కథలో పేకాటవల్ల అప్పులపాలైన ఒక అన్న ఉన్నాడు. ఆ ఘట్టం చూడలేనివారు దాటి పోవచ్చు. కథ తెగదు." దాటేందుకు మీట కూడా పెట్టాం. అదే వాక్యం స్టోరులోనూ ఉంది, దింపుకోకముందే చదువుకోవడానికి. రాసినవాడు మా మూడోవాడు. మేమిద్దరం ఒక అక్షరం కూడా మార్చలేదు.

మన కళాశాలనుంచి రేపు ఇంకా ఆటలు వస్తాయి. ప్రశ్నావళి ముందు కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏ జవాబుకు ఏ అంకె వస్తుందని మొదట లెక్కవేయవద్దు. ప్రశ్న చదివి, ఇది మన ఆటలో ఉందా, ఎందుకుంది అని ఒకరినొకరు అడగండి. గదిలో ఎవరైనా ఊరుకుండిపోతే, ఆ మనిషి మాట్లాడేదాకా ఆగండి.