మార్చిలో మిషన్ కొంటే మిగిలేదెంత?

మార్చి నెలాఖరులో పన్ను తగ్గించుకోవడానికని హడావిడిగా మిషన్ కొనడం నష్టపు బేరమని నా అభిప్రాయం. భాగస్వామ్య సంస్థగా నడిచే ఒక రైస్ మిల్లు 40 లక్షలు పెట్టి రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ మిషన్ కొన్నదనుకుందాం. దానివల్ల ఏటా 10 లక్షలు అదనంగా వస్తాయి. తరుగుదల లేకపోతే, సెస్సు వదిలేసి 30 శాతం లెక్కన 3 లక్షలు పన్నుకు పోయి 7 లక్షలు మిగులుతాయి. మన ఆదాయపు పన్ను లెక్కలో యంత్రాలకు మామూలుగా 15 శాతం తరుగుదల ఉంది కాబట్టి, మొదటి ఏడాది 6 లక్షలు ఖర్చు కింద రాసుకోవచ్చు. ఆ 6 లక్షలూ జేబులోంచి పోయినవి కావు, పుస్తకంలో రాసుకున్నవి మాత్రమే. పన్ను పడేది మిగతా 4 లక్షల మీదే. అంటే కట్టేది లక్షా 20 వేలు, చేతిలో మిగిలేది 8 లక్షల 80 వేలు. చాలామంది ఇక్కడే పొరబడి 6 లక్షలూ ఆదా అయ్యాయనుకుంటారు. నిజంగా ఆదా అయ్యేది లక్షా 80 వేలే. మరుసటి ఏడాది 15 శాతాన్ని మిగిలిన 34 లక్షల మీద లెక్కిస్తారు కాబట్టి ఆదా లక్షా 53 వేలకు దిగుతుంది. ఇక మార్చిలో కొన్న మిషన్ ఆ ఏడాది 180 రోజులు కూడా వాడకంలో ఉండదు కనుక సగం తరుగుదలే ఇస్తారు, ఆదా 90 వేలకు పడిపోతుంది. మిగతా సగం పోదు గానీ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. మిషన్‌ను అప్పు చేసి కొంటే, దాని మీద వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి. మిల్లుకు అసలు లాభమే లేని ఏడాదైతే ఆ 90 వేలూ అప్పటికి చేతికి రావు.