పొట్లం వెనుక త్రైరాశికం

తొమ్మిదవ తరగతిలో పోషకాహార పాఠమంటే పటం గీయించి, పిండిపదార్థాలు, మాంసకృత్తులు అని వల్లె వేయించడంతో ముగుస్తున్నది. ఆ పాఠాన్ని చిరుతిండి పొట్లం వెనుకనున్న పట్టికతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. రెండు ఖాళీ పొట్లాలు, నల్లబల్ల, త్రైరాశికం చాలు.

ఒకటి కారపు మిక్స్చరు, రెండవది క్రీము బిస్కట్లు అనుకుందాము. (అంకెలు బల్ల మీద లెక్కకు అనువుగా నేను వేసుకున్నవి.) 100 గ్రాముల మిక్స్చరులో కొవ్వు 36 గ్రాములు, చక్కెర 2 గ్రాములు, సోడియం 800 మిల్లీగ్రాములు. అంతే బరువు బిస్కట్లలో కొవ్వు 20, చేర్చిన చక్కెర 36 గ్రాములు, సోడియం 240 మిల్లీగ్రాములు. పిల్లవాడు సాధారణంగా పొరబడేది ‘ఒక వడ్డనకు’ అన్న గడి దగ్గర. వడ్డన ఎంతో నిర్ణయించేది తయారీదారు. ఒకరు 20 గ్రాములంటారు, మరొకరు 30 అంటారు. కనుక పోల్చడానికి 100 గ్రాముల గడినే చూడాలి. ఆ తరువాత పొట్లం బరువుతో హెచ్చవేసి, కడుపులోకి పోయినదెంతో తేల్చుకోవాలి. ఏ పిల్లవాడు 20 గ్రాములు తిని పొట్లం మడిచి పెడతాడు గనుక!

మిక్స్చరు పొట్లం 50 గ్రాములైతే కొవ్వు 18 గ్రాములు, సోడియం 400 మిల్లీగ్రాములు. సోడియాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క వస్తుంది: ఒక గ్రాము. మన దేశపు లేబుళ్ళు పెద్దలకు రోజుకు 2000 కిలోకేలరీల ఆహారాన్ని ప్రమాణంగా తీసుకొని కొవ్వు 67 గ్రాములు, చేర్చిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములుగా లెక్క కడతాయి. అంటే సోడియంలో అయిదవ వంతు, కొవ్వులో పాతిక వంతుకు పైగా ఒక్క పొట్లంతోనే సరి. బిస్కట్ల పొట్లం 75 గ్రాములైతే చక్కెర 27 గ్రాములు, దినప్రమాణంలో సగం దాటింది.

మరి రెండింటిలో ఏది మేలు? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పే ఉపాధ్యాయుడు పాఠం చెడగొట్టినట్లే. దేనిలో ఏది ఎక్కువో పిల్లలే చెప్పాలి. తియ్యని బిస్కట్టులోనూ సోడియం ఎందుకున్నదని అడగనివ్వాలి. తినే సోడాలో ఉన్నదీ సోడియమే. నాలుకకు ఉప్పగా తోచదు.

పదార్థాల జాబితా బరువుల అవరోహణ క్రమంలో ఉంటుంది. చక్కెరతో పాటు లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని విడివిడిగా వ్రాస్తే, ఒక్కొక్కటి క్రిందికి జారుతుంది. అమరకోశం చదివినవారికి ఈ పర్యాయపదాల విద్య క్రొత్త కాదు! కానీ మన పిల్లలకు అసలు చిక్కు భాష. నిబంధన ప్రకారం ఈ వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు ఐచ్ఛికం. కాబట్టి షుగర్, సోడియం, శాచురేటెడ్ ఫ్యాట్ వంటి పది మాటలు ఇంగ్లీషు అక్షరాలలోనే గుర్తుపట్టేలా ముందు నేర్పాలి. అది తెలుగు అయ్యవారు చేసినా తప్పు లేదు.

మరీ చిన్న పొట్లాలకు, అంటే ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లకు లోపు ఉన్నవాటికి, పట్టిక నుండి మినహాయింపు ఉన్నది. బడి ముందు దుకాణంలో పిల్లలు కొనేవి తరచు అలాంటివే. అప్పుడు అవి వచ్చిన పెద్ద సంచీనో అట్టపెట్టెనో చూపించమని దుకాణదారుని అడగవలసి ఉంటుంది.