డబ్బా మీద రాయాల్సింది వాట్ అవర్

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాం. మన ల్యాప్‌టాప్ బ్యాటరీ 4,000 ఎంఏహెచ్. అంటే ఐదుసార్లు ఫుల్ ఛార్జ్ అవ్వాలి కదా? ఒక్కసారి అయితే గొప్ప. పవర్ బ్యాంకుల మీద ఎంఏహెచ్ బదులు వాట్ అవర్ పెద్ద అక్షరాల్లో వేయాలని నేననేది ఇందుకే.

ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్. కరెంటును కాలంతో గుణిస్తే వచ్చేది ఛార్జ్, ఎనర్జీ కాదు. పనికొచ్చేది ఎనర్జీ.

ఒక ఫోన్ బ్యాటరీ ఛార్జ్ అవడం చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు నేనే వేసుకున్నాను. మొదటి గంట కరెంటు 2 ఆంపియర్ల దగ్గర నిలకడగా ఉంటుంది. తర్వాతి గంటలో సరళరేఖలా తగ్గి సున్నాకి చేరుతుంది. "2 ఆంపియర్లు, 2 గంటలు, మొత్తం 4" అనేస్తే తప్పు. కరెంటు మారుతోంది కాబట్టి గ్రాఫ్ కింద వైశాల్యం తీసుకోవాలి. దీర్ఘచతురస్రం 2, త్రిభుజం 1, మొత్తం 3 ఆంపియర్ అవర్లు, అంటే 3,000 ఎంఏహెచ్. గంటకి 3,600 సెకన్లు కాబట్టి 10,800 కూలుంబులు.

ఇప్పుడు ఎనర్జీ. ప్రతి క్షణం వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవర్ వస్తుంది. ఆ పవర్ గ్రాఫ్ కింద వైశాల్యమే ఎనర్జీ. మొదటి గంటలో వోల్టేజీ 3.6 నుంచి 4.2కి సమంగా పెరిగిందనుకుందాం. అప్పుడు పవర్ 7.2 వాట్ల నుంచి 8.4కి వెళ్తుంది, ఆ గంటకి 7.8 వాట్ అవర్లు. రెండో గంటలో వోల్టేజీ 4.2 దగ్గరే ఆగుతుంది, పవర్ 8.4 నుంచి సున్నాకి దిగుతుంది, త్రిభుజం 4.2. మొత్తం 12 వాట్ అవర్లు, అంటే 43,200 జౌళ్లు.

రెండు అక్షాల యూనిట్లనీ గుణించి చూస్తే మనం కనుక్కున్నది ఏమిటో తెలిసిపోతుంది. ఆంపియర్, సెకను కలిస్తే కూలుంబు. వాట్, సెకను కలిస్తే జౌల్. రీడింగులు నిమిషానికొకటి తీసుకుని వాటిని ఊరికే కూడేస్తే, వచ్చేది వాట్ నిమిషాలు. దాన్ని 60తో భాగించకపోతే ఫోన్‌లో 720 వాట్ అవర్లు పట్టాయని తేలుతుంది! అలాంటి అంకె కనిపిస్తే ముందు కాలం యూనిట్ చూడండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతి. పవర్ బ్యాంక్ అంకె లోపలి సెల్ వోల్టేజీ దగ్గర చెప్పింది, సుమారు 3.7. అంటే 20 ఆంపియర్ అవర్లకి 74 వాట్ అవర్లు. ల్యాప్‌టాప్‌లో నాలుగు సెల్స్ వరుసగా ఉంటే సుమారు 15 వోల్టులు, కాబట్టి దాని 4 ఆంపియర్ అవర్లే 60 వాట్ అవర్లు. వోల్టేజీ మార్చేటప్పుడు వేడిగా పోయేది తీసేస్తే, ఒక్క ఛార్జ్‌కే బొటాబొటి.

ఫోన్‌కి ఎంఏహెచ్ పోలిక దాదాపు సరిపోతుంది, ఎందుకంటే రెండింటి సెల్ వోల్టేజీ ఇంచుమించు ఒకటే. ఆ అలవాటే మిగతా చోట్ల మనల్ని ముంచుతోంది. విమానంలోకి అనుమతించే 100 పరిమితి కూడా వాట్ అవర్లలోనే ఉంది. మరి ఆ అంకె డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఎందుకుండాలి?