తరుగుదల మొదటి ఏడాదితో ఆగదు

సంపాదకులకు,

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో తరుగుదల రాస్తే లాభం ఎప్పుడూ తక్కువే కనిపిస్తుందన్న మీ గత సంచిక వ్యాసం మొదటి నాలుగేళ్ల వరకే నిజం. మా వర్క్‌షాప్‌లో 5 లక్షలకు కొన్న లేత్ మిషన్ లెక్కే చూడండి. పదేళ్ల తర్వాత తుక్కుకు 50 వేలు వస్తాయనుకుంటే, స్థిర వాయిదా పద్ధతిలో ఏటా 45 వేలు రాస్తాం. తరుగుదలకు ముందు లాభం 3 లక్షలైతే, ఏటా మిగిలేది 2,55,000.

15 శాతం చొప్పున తగ్గుతున్న నిల్వ మీద రాస్తే మొదటి ఏడాది 75,000 పోయి లాభం 2,25,000కి పడుతుంది. రెండో ఏడాది మిగిలిన 4,25,000 మీద 63,750 రాస్తాం. అలా తగ్గుతూ అయిదో ఏడాదికి 39,150 అవుతుంది, లాభం 2,60,850. అంటే స్థిర వాయిదా లాభాన్ని దాటేసింది! బేరింగులు, గేర్లు మార్చాల్సిన రోజులూ దాదాపు అప్పుడే మొదలవుతాయి కాబట్టి నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

చిక్కు చివర్లో ఉంది. పదేళ్లకు పుస్తకాల్లో ఇంకా 98,437 మిగులుతుంది. తుక్కువాడు 50 వేలే ఇస్తే, మిగతా 48,437 ఆ ఏడాది నష్టంగా రాయక తప్పదు.

— ఒక వర్క్‌షాప్ యజమాని, విజయవాడ ఆటోనగర్